హస్త మూడో పాదానికి ‘ణ’ వస్తే పాపకు పేరేమిటి?

పుట్టిన సమయం చెప్పగానే పురోహితుడు పంచాంగం తిప్పి ఫోనులోనే తేల్చేస్తారు: హస్తా నక్షత్రం, మూడో పాదం, అక్షరం ‘ణ’. అప్పటిదాకా పేర్ల జాబితాలు రాసుకుంటూ కూర్చున్న ఇల్లంతా ఒక్కసారి మౌనం. ‘ణ’తో మొదలయ్యే పేరు ఎవరికీ గుర్తుకు రాదు. రావడానికి అసలు ఉంటే కదా! తెలుగులో మాట మొదట ‘ణ’ నిలవదు. నిఘంటువు మొత్తం తిరగేసినా పిల్లకు పెట్టదగిన మాట ఒక్కటి దొరకదు. ఆర్ద్ర మూడో పాదంలో పుట్టిన పిల్లలకైతే ఇంకా కష్టం. వాళ్లకు వచ్చేది ‘ఙ’.

బారసాలకు ముందు తెలుగు ఇళ్లలో జరిగే వాదనల్లో సగం ఈ అక్షరం దగ్గరే పుడతాయి. తల్లిదండ్రులు ఎంతో ఇష్టపడి అనుకున్న పేరు అక్షరానికి సరిపోదు. సరిపోయే పేరు ఎవరికీ నచ్చదు. పెద్దవాళ్లకు అక్షరం వదలాలంటే భయం, చిన్నవాళ్లకు నచ్చని పేరు మోయాలంటే చిరాకు. నిజానికి ఈ పేచీకి పరిష్కారం వేడుకలోనే ఉంది. నామకరణంలో పిల్లకు పెట్టేది ఒక్క పేరు కాదు. ఆ సంగతి తెలియక, నాలుగు పేర్లు మోయాల్సిన బరువంతా ఒక్క పేరు మీద వేస్తున్నాం.

ఇక్కడ చెబుతున్నది తెలుగు హిందూ కుటుంబాల పద్ధతి. ముస్లింల అఖీఖాకు, క్రైస్తవుల బాప్తిస్మానికి వేరే నియమాలు, వేరే అర్థాలు ఉన్నాయి. విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. మంగళవారం రాత్రి పడుకున్నాక, గడియారం 2 గంటల 10 నిమిషాలు చూపిస్తుండగా పాప పుట్టింది. తల్లికి ‘మేఘన’ అనే పేరంటే ఇష్టం. తాతగారికి అక్షరం తప్పకూడదు. నాయనమ్మకు తమ ఇలవేల్పు పేరు కలవాలి. పురోహితుడు చెప్పింది ‘ణ’.

పదకొండో రోజు ఎప్పుడు?

బారసాల అన్నా, బాలసారె అన్నా, నామకరణం అన్నా, తెలంగాణలో తొట్టెల అన్నా అసలు పని ఒకటే: పిల్లకు పేరు పెట్టి తొట్టెలో వేయడం. పుట్టిన తర్వాత పది రోజులు పురుడు పాటించి, పదకొండో రోజున పుణ్యాహవాచనంతో ఇంటిని శుద్ధి చేసుకుని పేరు పెట్టడం ఒక ఆనవాయితీ. పన్నెండో రోజు చేసేవాళ్లున్నారు. ఇరవై ఒకటో రోజు పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మూడో నెలకు వాయిదా వేసేవాళ్లూ తక్కువేమీ కాదు. పాత గృహ్యసూత్రాల్లో ఒకటైన పారస్కరం పదో రోజున తల్లిని పురిటి మంచం మీద నుంచి లేపి, తండ్రి పేరు పెట్టాలంటుంది. మనుస్మృతి పదో రోజునో పన్నెండో రోజునో, అది కుదరకపోతే మంచి తిథి నక్షత్రాలు చూసుకునో పెట్టమంటుంది. అంటే శాస్త్రంలోనే ఒకటికి రెండు దారులున్నాయి. పదకొండో రోజు దాటితే పిల్లకేదో అవుతుందన్న భయానికి ఆధారం లేదు. సిజేరియన్ అయిన తల్లి పదకొండో రోజున పీట మీద గంటన్నర కూర్చోవడం కంటే ఇరవై ఒకటో రోజే నయం.

లెక్క మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పుట్టిన రోజును ఒకటిగా తీసుకుని లెక్కిస్తారు. మన ఉదాహరణలోని పాపకు ఇక్కడే చిక్కు వచ్చింది. అర్ధరాత్రి దాటింది కాబట్టి ఆసుపత్రి కాగితాల్లో పుట్టినది బుధవారం. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది ఇంకా మంగళవారమే. మంగళవారం నుంచి లెక్కిస్తే పదకొండో రోజు శుక్రవారం, బుధవారం నుంచి లెక్కిస్తే శనివారం. పురుడు లెక్కకు రాత్రి పుట్టిన పిల్లల విషయంలో సంప్రదాయాన్ని బట్టి వేరే నియమాలూ ఉన్నాయి. కాబట్టి చుట్టాలకు ఫోను చేసి పిలిచే ముందే, పుట్టిన గంటా నిమిషం చెప్పి రోజు ఏదో పురోహితుడినే అడిగి తెలుసుకోవాలి. పిలుపులు అయిపోయాక రోజు మారిందంటే ఇంట్లో మొదటి అలక అక్కడే.

అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది?

చంద్రుడు ఆకాశంలో తిరిగే దారిని 27 నక్షత్రాలుగా, ఒక్కో నక్షత్రాన్ని నాలుగు పాదాలుగా విభజించారు. మొత్తం 108 పాదాలు. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే ఒక పాదం సగటున ఆరు గంటలు. చంద్రుడి వేగం మారుతుంటుంది కాబట్టి అది అయిదు గంటల పైచిలుకు నుంచి దాదాపు ఏడు గంటల వరకు ఉండవచ్చు. పిల్ల పుట్టిన క్షణంలో చంద్రుడు ఏ పాదంలో ఉంటే ఆ పాదానికి కేటాయించిన అక్షరంతో పేరు మొదలవ్వాలన్నది నియమం. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. హస్తకు పూ, ష, ణ, ఠ.

ఈ అక్షరాల పట్టికను అవకహడా చక్రం అంటారు. పేరు వింటే ఏదో మంత్రంలా ఉంటుంది గానీ, అది కేవలం పట్టికలోని మొదటి వరుస: అ, వ, క, హ, డ. రెండో వరుస మ, ట, ప, ర, త. మూడోది న, య, భ, జ, ఖ. నాలుగోది గ, స, ద, చ, ల. మొత్తం ఇరవై అక్షరాలు. ఒక్కోదాన్ని అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అయిదు స్వరాలతో గుణిస్తే నూరు వస్తాయి. కానీ ఈ పట్టిక తయారైనప్పుడు లెక్కలోకి తీసుకున్న నక్షత్రాలు 27 కాదు, అభిజిత్తుతో కలిపి 28. ఇరవై ఎనిమిదిని నాలుగుతో గుణిస్తే 112. నూరు అక్షరాలున్నాయి, నూటపన్నెండు గళ్లున్నాయి. పన్నెండు తక్కువ.

ఆ పన్నెండు గళ్లను ఎలా నింపారో చూస్తే ‘ణ’ గుట్టు బయటపడుతుంది. ప్రతి వరుసలో మూడో అక్షరం గుణింతాన్ని ‘ఉ’ దగ్గర ఆపి, అక్కడ మూడేసి అక్షరాలు చొప్పించారు. మొదటి వరుసలో ‘కు’ తర్వాత ఘ, ఙ, ఛ వచ్చాయి. అవే ఆర్ద్ర పాదాలు. రెండో వరుసలో ‘పు’ తర్వాత ష, ణ, ఠ వచ్చాయి. అవే హస్త పాదాలు. మూడో వరుసలో ‘భు’ తర్వాత ధ, ఫ, ఢ పూర్వాషాఢకు వెళ్లాయి. నాలుగో వరుసలో ‘దు’ తర్వాత వచ్చే మూడూ ఉత్తరాభాద్రకు వెళ్లాయి. పంచాంగాన్ని బట్టి వీటిలో థ, శ, ఝ, ఞ లాంటివి అటూ ఇటూ మారుతుంటాయి. పేరు దొరకని ఇళ్లన్నీ దాదాపు ఈ నాలుగు నక్షత్రాలవే కావడం యాదృచ్ఛికం కాదు. గుణింతంలో చోటు దక్కని అక్షరాలను ఖాళీ గళ్లలో సర్దిన చోటు అది. హస్త మూడో పాదానికీ ‘ణ’ అనే ధ్వనికీ ప్రత్యేకమైన బంధం ఉండి కాదు, వరుసలో ఆ గడి ఖాళీగా ఉంది కాబట్టి ‘ణ’ అక్కడ కూర్చుంది.

ఇది తెలిసినవాళ్లు కాబట్టే అనుభవమున్న పురోహితులు ఇలాంటి చోట పట్టుబట్టరు. అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోమంటారు. హస్తకు ‘పూ’ ఉంది కాబట్టి పూర్ణ, పూజిత, పూర్ణిమ వంటివి చాలు. కొందరు ‘ణ’ బదులు దానికి దగ్గరగా పలికే ‘న’ తీసుకోమంటారు. ఏది చెప్పినా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: పాదం నిజంగా మూడోదేనా? సూర్యసిద్ధాంతం ప్రకారం గణించిన పంచాంగానికీ, దృక్సిద్ధాంత పంచాంగానికీ నక్షత్రం మారే సమయాల్లో తేడా ఉంటుంది, ఒక్కోసారి గంటల్లో ఉంటుంది. పైగా కాన్పు గదిలో గడియారం సరిగ్గా ఉందో లేదో ఎవరు చూశారు? పాదం మారే సమయానికి కాస్త అటూ ఇటూగా పుట్టిన పిల్లకు రెండు పంచాంగాలు రెండు అక్షరాలిస్తాయి. అలా ఇస్తే ఇల్లు ఏ పంచాంగాన్ని అనుసరిస్తుందో దాన్నే పట్టుకోవాలి. ఇంటర్నెట్లో నాలుగు చోట్ల చూసి నాలుగు అక్షరాలు తెచ్చుకోవడం వల్ల గందరగోళం పెరగడమే తప్ప తేలేదేమీ ఉండదు.

పళ్లెంలో నాలుగు పేర్లు

నామకరణం రోజున ఒక పళ్లెంలో బియ్యం పోసి సమంగా పరుస్తారు. తండ్రి బంగారు ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాస్తాడు. అది పూర్తయ్యాక పిల్ల కుడి చెవిలో మూడుసార్లు మెల్లగా చెబుతాడు. చూడటానికి వచ్చినవాళ్ల దృష్టి చెవి దగ్గర జరిగే ఆ గుసగుస మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది మాత్రం పళ్లెంలో. పద్ధతిగా చేయించే పురోహితుడు అక్కడ ఒకటి కాదు, నాలుగు పేర్లు రాయిస్తారు.

మొదటిది దేవతా నామం, అంటే ఇలవేల్పుకు సంబంధించిన పేరు. రెండోది మాస నామం. ఏడాదిలో పన్నెండు నెలలకు కృష్ణ, అనంత, అచ్యుత అంటూ వరుసగా పన్నెండు విష్ణు నామాలుంటాయి, పుట్టిన నెలకు వచ్చేది తీసుకుంటారు. మూడోది నక్షత్ర నామం. పాదం అక్షరంతో మొదలవ్వాల్సింది ఇదే. నాలుగోది వ్యావహారిక నామం. బడిలో, వీధిలో, కాగితాల్లో ఉండేది ఈ నాలుగో పేరు.

ఇలా విడదీసి చూడగానే మన ఉదాహరణలోని పేచీ దానంతట అదే సద్దుమణుగుతుంది. నాయనమ్మ కోరిన ఇలవేల్పు పేరు మొదటి వరుసలోకి వెళ్తుంది. ఇలవేల్పు వేంకటేశ్వరస్వామి అయితే పాపకు పద్మావతి అని రాస్తారు. తాతగారు పట్టుబట్టిన అక్షరం మూడో వరుసలో, ‘పూర్ణ’ అన్న పేరుగా కుదురుతుంది. తల్లి ఇష్టపడిన మేఘన నాలుగో వరుసలో ఉంటుంది. ఎవరి మాటా పోలేదు. ఈ నాలుగింటినీ కలిపి ‘వేంకట నాగ పద్మావతి పూర్ణ మేఘన’ అని ఆధార్‌ కార్డులో ఎక్కించే కుటుంబాలూ ఉన్నాయి. ఆ పిల్ల జీవితాంతం ప్రతి దరఖాస్తులో గళ్లు చాలక అవస్థ పడుతుంది. వేరువేరుగా ఉంచమనే కదా నాలుగు వరుసలు పెట్టింది!

వ్యావహారిక నామానికి కూడా పాతకాలపు నియమాలున్నాయి. పారస్కర గృహ్యసూత్రం మగపిల్లవాడి పేరు రెండు లేదా నాలుగు అక్షరాలతో ఉండాలనీ, పలికేటప్పుడు గొంతు కంపించే గ, జ, ద, బ, మ వంటి అక్షరంతో మొదలవ్వాలనీ, మధ్యలో య, ర, ల, వలలో ఒకటి రావాలనీ చెబుతుంది. ఆడపిల్ల పేరు బేసి సంఖ్యలో అక్షరాలతో ఉండి ‘ఆ’కారంతో ముగియాలంటుంది. ‘మేఘనా’ ఈ పరీక్షలో నెగ్గుతుంది. సీత నెగ్గదు, రెండక్షరాలే. పార్వతి నెగ్గదు, చివర ‘ఆ’కారం లేదు. కృష్ణుడి పేరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఈ నియమాన్ని శాసనంగా కాక, పిలవడానికి బాగుండే పేరు ఎలా ఉండాలో ఆనాటివాళ్లు చేసిన ఆలోచనగా తీసుకుంటే సరిపోతుంది. ఆలోచన మంచిదే. పొట్టిగా ఉండాలి, మొదటి అక్షరం గట్టిగా వినిపించాలి, దూరం నుంచి పిలిస్తే చివర సాగదీయడానికి వీలుండాలి. ‘మేఘనా’ అని పెరట్లోకి కేక వేసి చూస్తే ఈ మూడూ ఉన్నాయో లేవో అర నిమిషంలో తెలుస్తుంది.

పిలవడానికి, రాయడానికి

తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు పెట్టడం తెలుగువాళ్లకు ప్రీతి. అందులో ఒక చిక్కు మన ఇళ్లన్నిటికీ తెలిసిందే. మామగారి పేరు పెట్టిన కొడుకును కోడలు ఆ పేరుతో పిలవలేదు, పిలిచినా తిట్టలేదు. దాంతో ఆ పేరు రికార్డుల్లో ఉంటుంది, ఇంట్లో చిన్నా, బుజ్జి, నాని అన్న ముద్దుపేరు స్థిరపడుతుంది. పెద్దల పేరు నిలబెట్టాలని పెట్టి, ఇరవై ఏళ్లు ఎవరూ పలక్కపోవడం కంటే దాన్ని పళ్లెంలోని మొదటి వరుసలోనో రెండో పేరుగానో ఉంచి, పిలిచే పేరు వేరే పెట్టడమే ఆ పెద్దలకు గౌరవం.

ఇంటిపేరుతో కలిపి చదివి చూడటం కూడా అవసరమే. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది. చాలా దరఖాస్తుల్లో అది చివరి గడిలోకి వెళ్తుంది. రెండు వరుసల్లోనూ చదివినప్పుడు నవ్వు పుట్టించే మాటేదీ తయారు కాకూడదు. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని పొట్టిగా ముందు పెట్టి ఒకచోట, పూర్తిగా రాసి ఇంకోచోట నమోదు చేయించుకున్నవాళ్లు పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి రెండు పేర్లున్న మనుషులవుతారు. పూర్తి ఇంటిపేరుతోనే మొదలుపెట్టడం మేలు.

ఇంగ్లిషు అక్షరాల్లో ఎలా రాస్తారన్నది బారసాల నాడు ఎవరికీ తట్టదు. తర్వాత ఎక్కువ బాధపెట్టేది అదే. ‘మేఘన’లో ‘ఘ’కు జీ తర్వాత హెచ్‌ పెట్టకపోతే తెలుగు రాని ఉపాధ్యాయుడు ‘మేగన’ అంటాడు. ‘త’కు మనం టీహెచ్‌ రాస్తాం. ఉత్తరాదివాళ్లు దాన్ని ‘థ’ అని చదువుతారు, ‘త’కు వాళ్లు ఒట్టి టీ రాస్తారు. ‘లక్ష్మి’లోని ‘క్ష’కు కొందరు కేఎస్‌హెచ్‌ వాడితే, కొందరు ఎక్స్‌తో సరిపెడతారు. ఏది రాసినా తప్పు కాదు, రెండు చోట్ల రెండు రకాలుగా రాయడమే తప్పు. సంఖ్యాశాస్త్రం పేరుతో అదనంగా ఒక ఏ, ఒక హెచ్‌ తగిలించమనేవాళ్లు ఉంటారు. ఆ అదనపు అక్షరాన్ని పిల్ల తన జీవితంలో కొన్ని వందలసార్లు గుమాస్తాలకు విడమరచి చెప్పాల్సి వస్తుందన్న లెక్క ఆ శాస్త్రంలో ఉండదు.

చట్టం ఈ విషయంలో తల్లిదండ్రులను తొందరపెట్టడం లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని కింద పుట్టుకను 21 రోజుల్లోపు తెలియజేయాలి. మన ఇరవై ఒకటో రోజు వేడుకతో అది కలిసి రావడం ఒక వింత. ఆసుపత్రిలో పుడితే ఆ పని ఆసుపత్రివాళ్లే చేస్తారు. ఈ గడువు పుట్టుక నమోదుకే, పేరుకు కాదు. పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించుకోవచ్చు. కానీ ఆసుపత్రి కౌంటరులో ఉన్నవాళ్లు పేరు చెప్పమనగానే కంగారుపడి ఏదో ఒకటి రాయించి, బారసాల నాడు ఇంకోటి పెట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకసారి ఎక్కిన పేరును మార్పించడం కంటే ఖాళీగా ఉన్న గడిని నింపడం ఎంతో తేలిక. చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు డ్రైవింగ్‌ లైసెన్సు, ఓటరు జాబితా, ప్రభుత్వోద్యోగం వరకు పుట్టిన తేదీకీ స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. దాని మీది పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ప్రతిచోటా ఎదురొస్తుంది.

పీట మీద ఎంతసేపు?

పిల్లకు రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. ముహూర్తం కంటే ముందు చూసుకోవాల్సిన లెక్క ఇదే. నామకరణం వరకే అయితే అరగంట చాలు. ముందుగా పసుపు గణపతికి పూజ, పుణ్యాహవాచనం, ఆ తర్వాత పళ్లెం. వేడుకను సాగదీసేది మంత్రాలు కాదు, చుట్టాలు అక్షింతలు వేయడం, ఫోటోలు దిగడం. తొమ్మిదిన్నరకు ముహూర్తమనుకుంటే తొమ్మిదికి తల్లి పాలిచ్చి ఉండాలి. గణపతి పూజను తండ్రి ఒక్కడే మొదలుపెట్టి, పుణ్యాహవాచనం వేళకు తల్లీబిడ్డలు వచ్చి కూర్చునేలా చూడమంటే చాలామంది పురోహితులు ఒప్పుకుంటారు. పదింటికల్లా చెవిలో పేరు చెప్పడం, తొట్టెలో వేయడం పూర్తవుతాయి. ఆపైన తల్లీబిడ్డలు లోపలి గదిలోకి వెళ్లిపోవచ్చు. భోజనాలు, కబుర్లు వాళ్లు లేకుండా సాగినా లోటేమీ లేదు.

ఇంట్లోవాళ్లకు పనులు పంచడానికి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు, వేడుకలోనే చోటుంది. తొట్టె, కొత్త బట్టలు తెచ్చేది చాలాచోట్ల పుట్టింటివారు. తొట్టెకు పూలు కట్టడం, పిల్లను అందుకుని అందులో వేయడం మేనత్తలు, ముత్తయిదువులు చేస్తారు. కొన్ని ఇళ్లలో పిల్లకంటే ముందు సన్నికల్లు పొత్రాన్ని తొట్టెలో వేసి ఊపుతారు. తొట్టె గొలుసులు, ముడులు బరువు ఆపుతాయో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు. జోలపాట పాడేది అమ్మమ్మో, పాట వచ్చిన మరొకరో. శనగలు, తాంబూలం పంచేది మరొకరు. తల్లి చేత బావి దగ్గర పసుపు కుంకుమలు పెట్టించి, నీళ్లు చేదించే ఆచారం ఉన్న ఇళ్లలో ఇప్పుడు పంపు దగ్గరే ఆ పూజ జరుగుతోంది. కుట్లు ఉన్న తల్లి బిందె మోయకుండా చెంబుతో ముగించాలి. పెద్దపిల్లాడు ఎవరైనా ఉంటే వాడికి బియ్యం పళ్లెం సమంగా పరిచే పని ఇవ్వవచ్చు. చెల్లెలి పేరును నాన్న తర్వాత మొదట పలికే అవకాశం కూడా వాడిదే అయితే, ఆ రోజంతా వాడికి ఉండే కోపం సగం తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆచారం దగ్గర కూడా గట్టిగా నిలబడాలి. కొన్ని ఇళ్లలో ఉంగరాన్ని తేనెలో ముంచి పిల్ల నాలుకకు రాస్తారు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న క్లోస్ట్రిడియం బోటులినమ్‌ అనే బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. పెద్దవాళ్ల పేగులు వాటిని అణచగలవు, పసిపేగులకు ఆ శక్తి ఉండదు. మలబద్ధకం, పాలు పట్టుకుని తాగలేకపోవడం, ఏడుపు నీరసించడం, మెడ, కాళ్లూ చేతులు వాలిపోవడం దాని లక్షణాలు. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆచారం తప్పకూడదనుకునే పెద్దలు ఉంటే ఉంగరాన్ని శుభ్రంగా కడిగి తల్లిపాలలో ముంచి తాకించవచ్చు. చక్కెర నీళ్లు, ఆవుపాలు కూడా వద్దు, ఆరు నెలలవరకు తల్లిపాలు చాలు. కాటుక కంట్లో కాక అరికాలికి పెడితే దిష్టి తగలదనుకునేవాళ్లకూ తృప్తే. సాంబ్రాణి పొగ పిల్ల ఉన్న గదిలోకి రాకుండా చూడాలి. పిల్లను చేతులు మార్చి మార్చి ఎత్తుకోవడం కంటే, తొట్టెలో ఉంచి చూసి దీవించమనడం మర్యాదగానే ఉంటుంది.

వేడుక ముగిశాక పళ్లెంలోని బియ్యం పురోహితుడికి వెళ్లిపోతుంది, రాసిన నాలుగు పేర్లూ చెరిగిపోతాయి. అంతకు ముందే వాటిని ఒక కాగితం మీద రాసి, పుట్టిన గంట, నిమిషం, ఊరు, నక్షత్రం, పాదం, ఏ పంచాంగం చూశారన్నది కలిపి జాతకంతో భద్రపరచాలి. ఇరవై ఏళ్ల తర్వాత సంబంధాలు చూసేటప్పుడు ఈ కాగితం కనబడకపోతే, పెద్దలు పిలిచే పేరులోని మొదటి అక్షరాన్ని పట్టుకుని నామ నక్షత్రం వెతుకుతారు. అవకహడా చక్రంలో ‘మే’ ఉన్నది మఖ నాలుగో పాదంలో. హస్తలో పుట్టిన మేఘన ఆ పూట మఖా నక్షత్రపు పిల్లగా లెక్కకు వస్తుంది.